ఈమెయిల్‌లోంచి నేరుగా తెరిచి దిద్దిన ఫైల్ ఎక్కడికి పోతుంది?

మన తెలుగు బడిలో పాఠ్య ప్రణాళికలు, ప్రశ్నపత్రాలు, హాజరు పట్టికలు, వార్షికోత్సవం నాటికల స్క్రిప్టులు చాలావరకు ఈమెయిల్‌లో అటాచ్‌మెంట్లుగానే చేతులు మారుతుంటాయి. ఒకరు తయారుచేసి పంపుతారు, ఇంకొకరు దిద్ది తిరిగి పంపుతారు, ఆదివారం పొద్దున్న మూడో మనిషి ప్రింట్ తీసుకుని తరగతికి వస్తారు. ఈ మధ్యలో గురువులకీ, సాయం చేసే తల్లిదండ్రులకీ తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. మెయిల్‌లో వచ్చిన ఫైల్‌ని అక్కడికక్కడే తెరిచి, గంటో రెండు గంటలో కూర్చుని దిద్ది, సేవ్ కూడా చేస్తారు. మర్నాడు మళ్ళీ మెయిల్ తెరిచి చూస్తే పాత ఫైలే ఉంటుంది. చేసిన మార్పుల్లో ఒక్కటీ కనపడదు.

తెలుగులో టైప్ చేసిన పని పోతే నష్టం ఇంకాస్త ఎక్కువ. ఇంగ్లీషులో పది ప్రశ్నలు మళ్ళీ కొట్టడం పావుగంట పని. తెలుగులో వత్తులు, గుణింతాలు సరిచూసుకుంటూ కొట్టాలంటే చాలామందికి ఒక సాయంత్రం పోతుంది. అందుకే ఈ వ్యాసంలో మూడు విషయాలు వివరంగా చూద్దాం. అసలు ఏం జరుగుతోంది, పోయిందనుకున్న ఫైల్‌ని ఎక్కడ వెతకాలి, మళ్ళీ ఇలా జరగకుండా ఏం చేయాలి.

మెయిల్‌లో ఉన్నది వేరు, మీరు దిద్దేది వేరు

అటాచ్‌మెంట్ అనేది ఆ మెయిల్‌లో భాగం. ఉత్తరం కవర్లో పెట్టి అంటించిన కాగితం లాంటిది. వర్డ్ లాంటి ప్రోగ్రాం నేరుగా ఆ కవర్లోకి వెళ్ళి కాగితం మీద రాయలేదు. వర్డ్‌కి మీ కంప్యూటర్ డిస్కు మీద ఎక్కడో ఒకచోట ఒక ఫైల్ కావాలి. అందుకని మీరు అటాచ్‌మెంట్ మీద రెండుసార్లు క్లిక్ చేయగానే, మెయిల్ ప్రోగ్రాం ఆ కాగితానికి ఒక నకలు తీసి, డిస్కు మీద తన సొంత తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి, ఆ నకలును వర్డ్ చేతికిస్తుంది. మీ కళ్ళ ముందు తెరుచుకునేది ఆ నకలే.

ఆ క్షణం నుంచి రెండు ఫైళ్ళు ఉంటాయి. మెయిల్‌లో ఉన్న అసలు ఒకటి, తాత్కాలిక ఫోల్డర్‌లో ఉన్న నకలు ఒకటి. ఈ రెంటికీ ఇక సంబంధం లేదు. మీరు నకలులో ఎన్ని మార్పులు చేసినా, ఎన్నిసార్లు సేవ్ నొక్కినా, మెయిల్‌లో ఉన్నది వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. అందుకే మర్నాడు మెయిల్ తెరిస్తే పాతదే కనిపిస్తుంది. సేవ్ పనిచేయక కాదు, సేవ్ అయిన చోటు మీరు అనుకున్న చోటు కాదు కాబట్టి.

రెండో చిక్కు ఆ ఫోల్డర్ స్వభావంలో ఉంది. అది మన కోసం పెట్టినది కాదు, మెయిల్ ప్రోగ్రాం తన అవసరానికి పెట్టుకున్నది. విండోస్‌లో మామూలుగా అది కనపడకుండా దాచి ఉంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పేరు కొట్టి వెతికినా సాధారణంగా దొరకదు. పని అయిపోయిందనుకున్నప్పుడు మెయిల్ ప్రోగ్రాం అందులో తాను పెట్టిన నకళ్ళను తుడిచేస్తుంది. డిస్కులో చోటు కోసం విండోస్ చేసే శుభ్రతలో కూడా అలాంటి ఫోల్డర్లు ఖాళీ అవుతాయి. అలా తుడిచిన ఫైళ్ళు రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళవు.

ఒక ప్రశ్నపత్రం కథ: శుక్రవారం నుంచి ఆదివారం దాకా

ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో అడుగడుగునా చూద్దాం. ఎక్కువమంది వాడే పద్ధతినే తీసుకుందాం. విండోస్ లాప్‌టాప్, అందులో పాత తరహా ఔట్‌లుక్, మైక్రోసాఫ్ట్ వర్డ్.

శుక్రవారం సాయంత్రం మూడో తరగతి చూసే ఒక ఉపాధ్యాయినికి సమన్వయకర్త నుంచి మెయిల్ వచ్చింది. అందులో `Class3_Unit4.docx` అనే ప్రశ్నపత్రం ఉంది. "ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాల మీద పన్నెండు ప్రశ్నలు చేర్చి అందరికీ పంపండి" అని రాసి ఉంది. ఆవిడ అటాచ్‌మెంట్ మీద రెండుసార్లు క్లిక్ చేశారు. వర్డ్ తెరుచుకుంది. పైన పసుపుపచ్చ పట్టీ మీద `Protected View` అని వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఫైల్ కాబట్టి జాగ్రత్త అని దాని అర్థం. పక్కనే ఉన్న `Enable Editing` నొక్కారు. ఇక్కడిదాకా అందరం చేసేదే.

ఇప్పుడు కిటికీ పైభాగంలో ఫైల్ పేరు ఒక్కసారి చదివితే చాలు, సగం విషయం తెలిసిపోతుంది. అక్కడ `Class3_Unit4 (002).docx` అని ఉంది. ఆ `(002)` సమన్వయకర్త పెట్టింది కాదు. ఔట్‌లుక్ నకలు తీసేటప్పుడు తగిలించింది. దాని పక్కన `Read-Only` అని కూడా ఉండొచ్చు. నకలు మీద నేరుగా సేవ్ చేయకుండా ఔట్‌లుక్ పెట్టిన చిన్న అడ్డం అది.

ఆవిడ పేరు గమనించలేదు. ఎవరూ గమనించరు. రెండు గంటలు కూర్చుని పన్నెండు ప్రశ్నలు కొట్టారు. చివర్లో సేవ్ నొక్కితే, నేరుగా సేవ్ అవకుండా `Save As` పెట్టె వచ్చింది. చదవడానికి మాత్రమే అన్న ఫైల్ కాబట్టి వర్డ్ "ఇంకో పేరుతో ఎక్కడైనా పెట్టుకోండి" అంటోంది. ఆ పెట్టె పైభాగంలో ఏ ఫోల్డర్ చూపిస్తోందో చదవాల్సింది ఇక్కడే. ఈ ఉదాహరణలో అది అర్థం లేని అక్షరాలు, అంకెలు కలిసిన ఒక ఫోల్డర్ పేరు చూపిస్తోంది. `Q7XK2M9R` లాంటిది. అదే ఔట్‌లుక్ తాత్కాలిక ఫోల్డర్. ఆవిడ పేరు చివర `_final` అని చేర్చి, ఫోల్డర్ మార్చకుండా సేవ్ నొక్కారు. వర్డ్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు, సేవ్ చేసింది.

తర్వాత వచ్చిన మెయిల్‌నే ఫార్వర్డ్ చేసి, "ప్రశ్నలు చేర్చాను, చూడండి" అని మిగతా గురువులకు పంపి లాప్‌టాప్ మూసేశారు. అందరికీ వెళ్ళింది పాత పత్రమే. ఎందుకంటే ఫార్వర్డ్ చేస్తే వెళ్ళేది మెయిల్‌లో ఉన్న అటాచ్‌మెంట్, డిస్కు మీద దిద్దిన నకలు కాదు. శనివారం ఎవరూ తెరిచి చూడలేదు. ఆదివారం పొద్దున్న ప్రింట్లు తీసినప్పుడు ఒకరు ఫోన్ చేశారు. "అమ్మా, మీరు చేర్చానన్న ప్రశ్నలు ఇందులో లేవండీ" అని.

ఇందులో తప్పు జరిగిన చోట్లు రెండున్నాయి, వాటిని విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఫైల్ తాత్కాలిక ఫోల్డర్‌లో సేవ్ అయింది. రెండోది, దిద్దిన ఫైల్ కాకుండా పాత మెయిల్ ఫార్వర్డ్ అయింది. మొదటిది సరిగ్గా చేసినా, అంటే ఫైల్‌ని చక్కగా `Documents` లో దాచుకున్నా, రెండోది చేస్తే అందరికీ పాతదే వెళ్తుంది.

వెతకడం: వరసగా ఏం చేయాలి

ఆ ఫోన్ వచ్చాక ఆవిడ చేయాల్సిన పనుల వరస ఇది. వరస ముఖ్యం, ఎందుకంటే కొన్ని పనులు ముందే చేస్తే ఉన్న ఆశ కూడా పోతుంది.

అన్నిటికంటే ముందు, ఫైల్ ఇంకా వర్డ్‌లో తెరిచి ఉంటే దాన్ని మూయకండి, ఔట్‌లుక్‌నీ మూయకండి, కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయకండి. వర్డ్‌లో `F12` మీట నొక్కితే `Save As` పెట్టె వస్తుంది. అందులో `Documents` ఎంచుకుని సేవ్ చేస్తే పని అయిపోయింది, ఇంకేమీ వెతకక్కర్లేదు. వేరే ప్రోగ్రాంలో తెరిచి ఉన్న ఫైల్‌ని మెయిల్ ప్రోగ్రాం తుడవలేదు కాబట్టి, తెరిచి ఉన్నంతసేపు ఫైల్ భద్రంగా ఉన్నట్టే.

ఫైల్ మూసేసి ఉంటే, అది ఎక్కడ ఉందో వర్డ్‌నే అడగాలి. వర్డ్ తెరిచి `File`, తర్వాత `Open`, అందులో `Recent` చూడండి. ఈ మధ్య తెరిచిన ఫైళ్ళన్నీ వరసగా ఉంటాయి, ప్రతిదాని కింద అది ఉన్న చోటు రాసి ఉంటుంది. మనకు కావలసిన పేరు మీద క్లిక్ చేసి చూడండి. తెరుచుకుంటే వెంటనే `F12` నొక్కి `Documents` లోకి చేర్చేయండి. ఫైల్ దొరకలేదని వర్డ్ అంటే, పేరు కింద ఉన్న చోటు రాసుకోండి. ఆ చోటులో `INetCache`, `Content.Outlook`, `Temp` లాంటి మాటలు కనిపిస్తే ఫైల్ తాత్కాలిక ఫోల్డర్‌కే వెళ్ళిందని తేలిపోయినట్టే.

ఆ ఫోల్డర్‌ని మన చేత్తో తెరవడం మూడో అడుగు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో క్లిక్ చేసుకుంటూ వెళ్తే అది దొరకదు, దాచి ఉంటుంది. అందుకని విండోస్ మీటతో పాటు R నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఈ వరసను ఉన్నదున్నట్టు ఇచ్చి ఎంటర్ నొక్కండి.

```
%LOCALAPPDATA%\Microsoft\Windows\INetCache\Content.Outlook
```

లోపల అర్థం లేని పేరుతో ఒక ఫోల్డర్, ఒక్కోసారి రెండు మూడు, ఉంటాయి. ఒక్కొక్కటీ తెరిచి, `Date modified` అన్న వరస మీద నొక్కండి. కొత్తవి పైకి వస్తాయి. మీరు దిద్దిన రోజు, దాదాపు ఆ సమయం ఉన్న ఫైల్ కోసం చూడండి. దొరికితే అక్కడే తెరవకండి. ముందు కాపీ చేసి `Documents` లో పేస్ట్ చేసి, ఆ కాపీని తెరిచి చూడండి. అక్కడే తెరిచి మళ్ళీ అక్కడే సేవ్ చేస్తే మొదటికే వచ్చినట్టు.

మన ఉదాహరణలో ఉపాధ్యాయినికి ఫైల్ దొరికింది. దొరకడానికి కారణం ఆవిడ చేర్చిన `_final` అన్న మాట. ఔట్‌లుక్ సాధారణంగా తాను పెట్టిన పేర్లతో ఉన్న నకళ్ళనే తుడుస్తుంది. `Class3_Unit4 (002).docx` పోయింది గానీ, కొత్త పేరుతో పక్కన పెట్టిన `Class3_Unit4 (002)_final.docx` ఉండిపోయింది. అదే పేరు మీద సేవ్ అయి ఉంటే ఆశ చాలా తక్కువ. ఇది ఆధారపడదగ్గ రక్షణ కాదు, డిస్కు శుభ్రం చేసినప్పుడు అదీ పోతుంది. కానీ వెతకడం మానకూడదని చెప్పడానికి ఇది మంచి కారణం.

పైన ఇచ్చిన చోటు తెరుచుకోకపోతే, ఔట్‌లుక్ తన ఫోల్డర్‌ని వేరేచోట పెట్టుకుని ఉండొచ్చు. ఆ చోటు విండోస్ రిజిస్ట్రీలో రాసి ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ ఆదేశం ఇస్తే చూపిస్తుంది. ఇది చదవడమే, దేన్నీ మార్చదు.

```
reg query "HKCU\Software\Microsoft\Office\16.0\Outlook\Security" /v OutlookSecureTempFolder
```

ఇందులో `16.0` అనేది ఆఫీస్ 2016, ఆ తర్వాత వచ్చినవాటికి వర్తిస్తుంది. వచ్చిన జవాబు చివర్లో ఉన్న చోటును కాపీ చేసి, విండోస్ మీట, R నొక్కి వచ్చే పెట్టెలో పేస్ట్ చేయండి.

మ్యాక్‌లో, బ్రౌజర్‌లో, ఫోన్‌లో

మన తల్లిదండ్రుల్లో చాలామంది మ్యాక్ వాడతారు. ఆపిల్ మెయిల్‌లో కూడా ఇదే జరుగుతుంది, కానీ ఇంకా నిశ్శబ్దంగా. అక్కడ అడ్డం చెప్పే పసుపు పట్టీ గానీ `(002)` గానీ కనపడకపోవచ్చు. సేవ్ నొక్కితే మామూలుగా సేవ్ అయిపోతుంది, వెళ్ళేది మాత్రం మెయిల్ సొంత ఫోల్డర్‌లోకి. వెతకాలంటే ఫైండర్‌లో షిఫ్ట్, కమాండ్, G మీటలు కలిపి నొక్కి ఈ చోటు ఇవ్వండి.

```
~/Library/Containers/com.apple.mail/Data/Library/Mail Downloads
```

లోపల పొడవాటి అంకెల పేర్లతో చాలా ఫోల్డర్లు ఉంటాయి, ఒక్కో దాంట్లో ఒక్కో అటాచ్‌మెంట్. ఫైండర్‌లో తేదీ వరసలో పెట్టుకుని చూస్తే కావలసింది తొందరగా తగులుతుంది. మ్యాక్‌లో ఒక మేలుంది. ఆపిల్ మెయిల్ సెట్టింగుల్లో తుడిచే విషయానికి పెట్టిన పేరే `Remove unedited downloads`, అంటే దిద్దని వాటిని తీసేయడం. అందుకని దిద్దిన ఫైల్ మిగిలి ఉండే అవకాశం అక్కడ ఎక్కువ.

జీమెయిల్‌ని బ్రౌజర్‌లో వాడేవారికి పరిస్థితి కొంచెం వేరు. క్రోమ్‌లో డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే ఫైల్ `Downloads` ఫోల్డర్‌లోకి వస్తుంది. అది తాత్కాలికం కాదు, దానంతటదే పోదు. దిద్దింది కనపడటం లేదంటే ముందు అక్కడ చూడండి. ఒకే ఫైల్‌ని రెండుసార్లు డౌన్‌లోడ్ చేస్తే రెండోదాని పేరులో `(1)` చేరుతుంది. పాతది తెరిచి "నా మార్పులు పోయాయి" అనుకోవడం ఇక్కడ మామూలు. ఫైర్‌ఫాక్స్‌లో ఒకప్పుడు "తెరువు" అని ఎంచుకుంటే ఫైల్ తాత్కాలిక ఫోల్డర్‌లో పడి, బ్రౌజర్ మూయగానే పోయేది. 2022లో వచ్చిన 98వ వెర్షన్ నుంచి అది కూడా డౌన్‌లోడ్స్‌లోకే వస్తోంది. పాత లాప్‌టాప్ మీద పాత బ్రౌజర్ వాడుతుంటే మాత్రం ఈ తేడా గుర్తుంచుకోండి.

జీమెయిల్ నుంచే గూగుల్ డాక్స్‌లో తెరిచి దిద్దితే, మార్పులు మీ గూగుల్ డ్రైవ్‌లో వాటంతటవే సేవ్ అవుతాయి. పని పోదు. అయినా మెయిల్‌లో ఉన్న అటాచ్‌మెంట్ పాతదే. ఆ మెయిల్‌ని ఫార్వర్డ్ చేస్తే మన ఉదాహరణలో జరిగిన రెండో తప్పే మళ్ళీ జరుగుతుంది.

ఫోన్‌లో మెయిల్ యాప్ కూడా ఇలాగే నకలు తీసి ఇంకో యాప్‌కి ఇస్తుంది. ఆ నకలు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం కంప్యూటర్ కంటే కష్టం. ప్రశ్నపత్రం ఫోన్‌లో చదవడానికి బాగుంటుంది. దిద్దడం మాత్రం కంప్యూటర్ దగ్గర కూర్చున్నాకే పెట్టుకోండి.

దొరకనప్పుడు ఏం మిగులుతుంది

సేవ్ చేయకుండానే మూసేసిన ఫైల్ అయితే, వర్డ్ దగ్గర ఇంకో దారి ఉంది. వర్డ్ మామూలుగా పది నిమిషాలకొకసారి తన కోసం ఒక కాపీ దాచుకుంటుంది. `File`, `Info`, `Manage Document`, `Recover Unsaved Documents` నొక్కితే అలా మిగిలినవి కనిపిస్తాయి. కొద్ది రోజుల తర్వాత ఆ కాపీలు కూడా పోతాయి కాబట్టి వారం ఆగి చూద్దాం అనుకోవద్దు. ఈ దారి సేవ్ చేయని ఫైళ్ళకే. తాత్కాలిక ఫోల్డర్‌లోనైనా సరే మీరు సేవ్ చేసి మూస్తే, వర్డ్ దృష్టిలో పని సవ్యంగా ముగిసింది, తన కాపీని అది తీసేస్తుంది. "సేవ్ చేశాను కదా, రికవర్‌లో ఎందుకు లేదు" అని చాలామంది అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

తుడిచిన ఫైళ్ళను తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు అమ్ముతుంటారు. పాత తిరిగే డిస్కుల మీద అవి కొన్నిసార్లు పనిచేసేవి. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే ఎస్ఎస్‌డీ డిస్కులు తుడిచిన చోటును తామే ఖాళీ చేసేసుకుంటాయి, కాబట్టి వాటి మీద ఆశ చాలా తక్కువ. ఒక ప్రశ్నపత్రం కోసం డబ్బు పెట్టి అవి కొనడం దండగ.

ఆఫీసు లాప్‌టాప్ మీద బడి పని చేసేవారికి ఒక మాట. చాలా కంపెనీల్లో తాత్కాలిక ఫోల్డర్లను ఎప్పటికప్పుడు ఖాళీ చేసే ఏర్పాటు ఉంటుంది, రిజిస్ట్రీ చూడటానికి అనుమతి లేకపోవచ్చు. అక్కడ వెతకడానికి దారులు తక్కువ. కాబట్టి కింద చెప్పిన జాగ్రత్త వారికి మరీ అవసరం.

ఇవేవీ పనిచేయకపోతే, ఆ ఫైల్ ఇంకో రూపంలో ఎక్కడైనా మిగిలిందేమో ఆలోచించండి. మధ్యలో ఎవరికైనా చూపించడానికి పీడీఎఫ్‌గా పంపారా? వాట్సాప్‌లో ఫోటో పెట్టారా? ఇంట్లో ఒక ప్రతి ప్రింట్ తీసి పిల్లలతో చేయించి చూశారా? కాగితం ఉంటే చూసి కొట్టడం, కొత్తగా ఆలోచించి కొట్టడం కంటే సగం పని.

మళ్ళీ జరగకుండా: ముందు దాచు, తర్వాత తెరువు

మందు ఒక్కటే, అది చాలా చిన్నది. దిద్దాల్సిన అటాచ్‌మెంట్‌ని మెయిల్‌లోంచి నేరుగా తెరవకండి. దాని మీద రైట్ క్లిక్ చేసి `Save As` గానీ, డౌన్‌లోడ్ గానీ ఎంచుకుని, ముందు మీ ఫోల్డర్‌లో పెట్టండి. `Documents` లో బడి పేరుతో ఒక ఫోల్డర్, అందులో తరగతికొక ఫోల్డర్ ఉంటే చాలు. తర్వాత మెయిల్ కిటికీ పక్కకు పెట్టి, ఆ ఫోల్డర్‌లోంచి ఫైల్ తెరవండి. చదివి ఊరుకునే ఫైల్ అయితే నేరుగా తెరిచినా ఇబ్బంది లేదు. ఒక్క అక్షరం మార్చాలన్నా ముందు దాచాలి.

అలవాటు కొద్దీ నేరుగా తెరిచేశారనుకోండి. కంగారు లేదు, మొదటి అక్షరం కొట్టకముందే `F12` నొక్కి మీ ఫోల్డర్‌లో దాచుకోండి. మ్యాక్‌లో అయితే ఫైల్ మెనూలో `Save As` ఉంటుంది. అనుమానం ఉంటే `File`, `Info` నొక్కండి, ఫైల్ పేరు కింద అది ఉన్న చోటు కనిపిస్తుంది. అందులో `Documents` ఉందా, `Content.Outlook` ఉందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

తిరిగి పంపేటప్పుడు ఇంకో నియమం. వచ్చిన మెయిల్‌ని ఫార్వర్డ్ చేయకండి. కొత్త మెయిల్ రాసి గానీ, ఉన్న మెయిల్‌కి రిప్లై ఇచ్చి గానీ, మీ ఫోల్డర్‌లోంచి దిద్దిన ఫైల్‌ని చేర్చండి. మెయిల్ ప్రోగ్రాంలలో రిప్లై ఇస్తే పాత అటాచ్‌మెంట్ మామూలుగా వెంట రాదు, ఫార్వర్డ్ చేస్తే వస్తుంది. ఆ ఒక్క తేడా వల్ల రిప్లై మనకు క్షేమం. పంపే ముందు, చేర్చిన ఫైల్‌ని ఆ మెయిల్‌లోంచే ఒకసారి తెరిచి చివరి పేజీ చూడండి. మీరు చివరగా కొట్టిన ప్రశ్న అక్కడ ఉంటే, వెళ్ళేది సరైన ఫైలే.

సమన్వయకర్తలు కూడా ఒక పని చేయొచ్చు. పదిమంది చేతులు పడే ఫైల్‌ని అటాచ్‌మెంట్‌గా పంపకుండా, గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టి లింకు పంపండి. అప్పుడు నకళ్ళు ఉండవు, అందరూ దిద్దేది ఒకటే ఫైల్. అటాచ్‌మెంట్‌గానే పంపాల్సి వస్తే మెయిల్ మొదటి వరసలో "ఇది దిద్దడానికి, ముందు మీ కంప్యూటర్‌లో దాచుకుని తెరవండి" అని రాయండి. చదవడానికి మాత్రమే అయితే పీడీఎఫ్‌గా పంపితే ఎవరూ పొరపాటున దాని మీద గంటలు ఖర్చు పెట్టరు.

పెద్ద పని మధ్యలో ఉన్నప్పుడు, అరగంటకొకసారి ఫైల్ పేరు, అది ఉన్న చోటు ఒకసారి చూసుకోండి. పేరులో `(002)` కనిపించినా, పక్కన `Read-Only` కనిపించినా అక్కడే ఆగి `F12` నొక్కండి. ఆదివారం పొద్దున్న ప్రింటర్ దగ్గర తెలుసుకోవడం కంటే, శుక్రవారం రాత్రి కుర్చీలో కూర్చునే తెలుసుకోవడం నయం.